మూడు బార్లు సరిపోతాయా? ముక్కల లెక్కలో కోత, ఫేసింగ్, కొసలు
(చిన్న మెషీన్ షాపుల సూపర్‌వైజర్లు, టర్నర్లు, స్టోర్ చూసేవాళ్ల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు బోర్డు మీద ఒక ఆర్డర్ రాస్తాను. మాటలన్నీ దాని చుట్టూనే ఉంటాయి కాబట్టి కాగితం మీద దించుకోండి.

40 ఎం.ఎం. రౌండ్, ఈఎన్8 మెటీరియల్. పిన్ను పూర్తయ్యాక పొడవు 86 ఎం.ఎం. రెండు కొసలూ ఫేసింగ్ చెయ్యాలి. 200 పిన్నులు కావాలి. బార్లు ఆరు మీటర్లవి. ఎన్ని బార్లు తెప్పించాలి?

ఈ ప్రశ్న బాలానగర్‌లో ఏ షాపులో అడిగినా, ఆటోనగర్‌లో ఏ షెడ్డులో అడిగినా మొదట వచ్చే జవాబు మూడు. 86ని 200తో గుణిస్తే 17,200. మూడు బార్లంటే 18,000. ఇంకా 800 మిగులుతుంది, ఏం టెన్షన్ లేదు అంటారు. కొంచెం అనుభవం ఉన్నవాళ్లు, ఆగండి, ఫేసింగ్ కలపాలి కదా అంటారు. పక్కకి ఒక ఎం.ఎం. చొప్పున రెండు కలిపితే ముక్క 88 అవుతుంది. అప్పుడు 17,600. మూడు బార్లే. ఇంకా జాగ్రత్తగా ఉండేవాళ్లు, బ్లేడు తినేది కూడా కలుపుతారు. బ్యాండ్ సా మీద అది ఒకటిన్నర అనుకుందాం. 89.5ని 200తో గుణిస్తే 17,900. ఇంకా 100 ఎం.ఎం. మిగిలే ఉంది. మూడు బార్లే.

ఇంత జాగ్రత్తగా వేసినా ఈ లెక్క తప్పే. కోత మొదలుపెట్టాక మూడు బార్ల నుంచి 200 ముక్కలు రావు. 198 వస్తే గొప్ప, ఎక్కువసార్లు 195 దగ్గర ఆగుతుంది. ఎందుకంటే మనం 18 మీటర్ల ఒకే బార్ కోయడం లేదు. ఆరు మీటర్ల బార్లు మూడు కోస్తున్నాం. ప్రతి బార్‌కీ రెండు కొసలుంటాయి. మొదటి కొస వంకరగా ఉంటుంది, దాన్ని కోసి పారెయ్యాలి. చివరి కొసను వైస్ పట్టుకుని ఉంటుంది, దాన్ని కోయలేం. ఒక బార్ నుంచి మిగిలిన 30 ఎం.ఎం.నీ, ఇంకో బార్ నుంచి మిగిలిన 58నీ కలిపి ఒక ముక్క చెయ్యలేం కదా. అందుకని మొత్తం పొడవు కూడి భాగించే పద్ధతి వదిలెయ్యండి. ఒక బార్‌కి ఎన్ని ముక్కలో ముందు తేల్చాలి, బార్ల లెక్క ఆ తర్వాత.

ఇప్పుడు ఒక బార్ తీసుకుందాం. నాలుగు అంకెలు కావాలి: మొదటి కొస కోత, చివర మిగిలే తోక ముక్క, ముక్క కోత పొడవు, ఒక్కో కోతకి బ్లేడు తినే కెర్ఫ్. మన ఆర్డర్‌కి మొదటి కొసకి బ్లేడు తినేదాంతో కలిపి 10 ఎం.ఎం. పెట్టాను. తోక ముక్కకి 80. ముక్క 88. కెర్ఫ్ 1.5. సూత్రం ఇది:

```
ముక్కలు = (బార్ పొడవు − మొదటి కొస − తోక) ÷ (ముక్క + కెర్ఫ్)
```

వచ్చిన జవాబులో దశాంశం తీసెయ్యాలి. 66.9 వచ్చినా 66 ముక్కలే, దాన్ని 67కి సవరించకూడదు. ఎక్సెల్‌లో వేసుకునేవాళ్లు B1 నుంచి B5 దాకా వరసగా బార్ పొడవు, మొదటి కొస, తోక, ముక్క, కెర్ఫ్ రాసుకుని ఇలా పెట్టండి:

```
=INT((B1-B2-B3)/(B4+B5))
```

రౌండ్ ఫంక్షన్ పెట్టకండి, దశాంశం సగం దాటితే అది పైకి సవరించేస్తుంది.

మన అంకెలు వేస్తే, 6000లోంచి 10, 80 పోతే 5910. దాన్ని 89.5తో భాగిస్తే 66.03. అంటే 66 ముక్కలు. మూడు బార్లకి 198. రెండు తక్కువ. కొసలు మర్చిపోయి 6000ని నేరుగా 89.5తో భాగించి ఉంటే 67 వచ్చేది, మూడు బార్లకి 201, ఆర్డర్ పూర్తయిపోయినట్టే కనిపించేది. ఆ రెండు కొసల 90 ఎం.ఎం.లోనే మన ఆర్డర్ ఆగిపోయింది.

ఒక చిన్న సందేహం ఎప్పుడూ వస్తుంది. పది ముక్కలకి పది కోతలా, తొమ్మిదా? తోక ముక్క మిగులుతుంటే ఆఖరి ముక్కను తోక నుంచి విడదీయడానికి కూడా ఒక కోత కావాలి. కాబట్టి ఎన్ని ముక్కలో అన్ని కోతలు. పై సూత్రంలో ప్రతి ముక్కకీ ఒక కెర్ఫ్ కలిపింది అందుకే. తోకే ఆఖరి ముక్కగా పనికొచ్చే చోట మాత్రం ఒక కోత తగ్గుతుంది. అది ఎప్పుడు జరుగుతుందో కాసేపట్లో చెప్తాను.

ఇప్పుడు నాలుగు అంకెల్లో ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. సూత్రం బట్టీ పట్టినా ఈ అంకెలు గాలిలోంచి తీస్తే లాభం లేదు.

మొదట కెర్ఫ్. బ్లేడు మందమే కెర్ఫ్ అనుకునేవాళ్లు ఉన్నారు. 27 వెడల్పు బ్యాండ్ సా బ్లేడు మందం 0.9. కానీ పళ్లు నిటారుగా ఉండవు. ఒకటి ఎడమకి, ఒకటి కుడికి వంచి ఉంటాయి. అలా వంచకపోతే బ్లేడు తను కోసిన గాడిలోనే ఇరుక్కుంటుంది. కాబట్టి గాడి వెడల్పు 0.9 కాదు, ఒకటిన్నర చుట్టుపక్కల ఉంటుంది. కొత్త బ్లేడుకి కొంచెం ఎక్కువ, పళ్లు అరిగే కొద్దీ తక్కువ.

క్యాటలాగ్ చూసి నమ్మడం కంటే మీ మెషీన్ మీద కొలవడం మేలు. అదేమంత పని కాదు. అదే సైజు బిట్టు ఒకటి తీసుకుని రెండు వైపులా లేత్ మీద ఫేసింగ్ చేసి సరిగ్గా 300 ఎం.ఎం. చెయ్యండి. దాన్ని సా మీద అయిదు కోతలు కోయండి, ఆరు ముక్కలవుతాయి. బర్ర్ ఆకురాయితో తీసేసి, ఆరింటినీ వెర్నియర్‌తో కొలిచి కూడండి. మొత్తం 292.5 వచ్చిందనుకోండి, పోయింది 7.5. అయిదు కోతలకి పంచితే ఒక్కో కోతకి 1.5. ఒకే కోత కోసి కొలిస్తే కొలతలో వచ్చే తేడా మొత్తం ఆ ఒక్క అంకె మీదే పడుతుంది, అయిదు కోతలైతే అది అయిదింటికీ పంచుకుపోతుంది.

ఇంత చాదస్తం ఎందుకంటే, మన ఆర్డర్‌లో కెర్ఫ్ 1.5 బదులు 1.6 అని పెట్టి చూడండి. 5910ని 89.6తో భాగిస్తే 65.96. అంటే 65. సున్నా పాయింట్ ఒకటి ఎం.ఎం. తేడాకి బార్‌కి ఒక ముక్క పోయింది. 66 కోతలు కలిస్తే అది 6.6 ఎం.ఎం. కదా.

*(ఒకరు: సార్, మా దగ్గర బ్యాండ్ సా లేదు, చాప్ సా మీదే కోస్తాం.)*

అయితే మీ లెక్క వేరే అండీ. 14 అంగుళాల కటింగ్ వీలు మందం మూడు ఎం.ఎం. దగ్గర ఉంటుంది. కెర్ఫ్ మూడు పెట్టండి. 5910ని 91తో భాగిస్తే 64.9, అంటే 64. మూడు బార్లకి 192. ఇదే ఆర్డర్‌కి బ్యాండ్ సా ఉన్న షాపు కంటే ఆరు ముక్కలు తక్కువ. పైగా చాప్ సా కోతలో కొస కాలి నీలం రంగుకి తిరుగుతుంది. ఈఎన్8లో కార్బన్ 0.4 శాతం దగ్గర ఉంటుంది కాబట్టి కాలిన చోట పైపొర గట్టిపడొచ్చు, ఫేసింగ్ టూల్ మొదటి కట్‌లో గీసుకుపోతుంది. ఆ పొర కిందకి టూల్ దిగేలా ఫేసింగ్ కూడా కొంచెం ఎక్కువ వదలాలి. పవర్ హాక్సా ఉన్నవాళ్లు కూడా 1.5 పెట్టకండి. ఆ బ్లేడు మందం, సెట్టు రెండూ ఎక్కువే. ఇందాక చెప్పినట్టు మీది మీరు కొలుచుకోండి.

రెండోది ఫేసింగ్ అలవెన్స్. పక్కకి ఒక ఎం.ఎం. అని నోటికి వచ్చినట్టు చెప్పేస్తాం. ఆ ఒక ఎం.ఎం. దేనికి ఖర్చవుతుందో చూడాలి. కోత వంకర దీన్నే తింటుంది. స్టాపర్ దగ్గర వచ్చే పొడవు తేడా, కోత గరుకు కూడా ఇందులోంచే పోతాయి. వీటన్నిటికంటే పెద్దది వంకర. బ్లేడు టెన్షన్ తగ్గినా, గైడ్లు అరిగినా, ఫీడ్ ఎక్కువ చేసినా బ్లేడు నిటారుగా దిగకుండా పక్కకి జరుగుతుంది.

దీన్ని పట్టుకోవడంలో ఒక చిక్కుంది, కొంచెం నిదానంగా వినండి. కోసిన ముక్క తీసుకుని వెర్నియర్‌తో చుట్టూ నాలుగు చోట్ల పొడవు కొలిచారు. నాలుగు చోట్లా 88.0 వచ్చింది. కోత బ్రహ్మాండంగా ఉంది అనుకుంటారు. కానీ బార్ తిప్పకుండా వరసగా కోస్తున్నాం, బ్లేడు ప్రతిసారీ ఒకే వైపుకి ఒకే లెక్కన జరుగుతోంది. అప్పుడు ముక్క రెండు కొసలూ ఒకదానికొకటి సమాంతరంగానే వంగి ఉంటాయి. ఏటవాలుగా తరిగిన బెండకాయ ముక్కలాగా. ఎక్కడ కొలిచినా పొడవు ఒకటే వస్తుంది, వంకర మాత్రం దాక్కుంటుంది.

అది బయటపడాలంటే ట్రై స్క్వేర్ కావాలి. దాని స్టాక్‌ను ముక్క ఒంటికి ఆనించి, స్క్వేర్ బ్లేడును కోసిన ముఖం మీదకి తెచ్చి, వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. ముక్కను మెల్లగా తిప్పుతూ పోతే ఒక చోట వెలుగు బాగా కనిపిస్తుంది. అక్కడ ఫీలర్ గేజ్ పెడితే ఎంత వంకరో తెలుస్తుంది. 0.8 వచ్చిందనుకుందాం. దీని అర్థం ఏమిటంటే 88 పొడవున్న ఆ ముక్కలోంచి రెండు వైపులా చదునుగా తీయగలిగిన గరిష్ఠ పొడవు 88 కాదు, 87.2. మనకి కావాల్సింది 86. అంటే నిజంగా మిగిలిన ఫేసింగ్ రెండు వైపులకీ కలిపి 1.2 మాత్రమే. వంకర రెండు ఎం.ఎం.కి చేరితే ఏమీ మిగలదు. టర్నర్ ఎంత ఫేసింగ్ చేసినా ఒక పక్క నల్లటి సా మచ్చ ఉండిపోతుంది, లేదా పిన్ను పొట్టిదైపోతుంది.

బార్ లావు పెరిగే కొద్దీ ఈ వంకర పెరుగుతుంది. ఒకే కోణంలో బ్లేడు పక్కకి జరిగితే 40 ఎం.ఎం. రౌండ్‌లో 0.8 వచ్చేది 100 ఎం.ఎం. రౌండ్‌లో రెండు అవుతుంది. అందుకే సన్న బార్‌కీ లావు బార్‌కీ ఒకే అలవెన్స్ పెట్టకూడదు. 40 రౌండ్‌కి బ్లేడు బాగుంటే పక్కకి ఒకటి చాలు. 100 రౌండ్‌కి నేనైతే ఒకటిన్నర నుంచి రెండు పెడతాను. బ్లేడు పళ్లలో ఒక వైపువి మొద్దుబారితే కోత ఏటవాలుగా కాకుండా గిన్నెలా వంపు తిరుగుతుంది. స్కేలు అంచు ముఖం మీద ఆనిస్తే మధ్యలో వెలుగు కనిపిస్తుంది. ఆ పరిస్థితిలో అలవెన్స్ పెంచే బదులు బ్లేడు మార్చడమే చవక.

లేత్ దగ్గర కూడా ఒక మాట. అలవెన్స్ రెండు ఎం.ఎం. వదిలాం కదా అని టర్నర్ మొదటి వైపే 1.6 తీసేస్తాడు. ముఖం తళతళలాడే దాకా తీస్తాడు, పాపం పని బాగా చేద్దామనే. తిప్పి పెట్టాక రెండో వైపు 0.4 మిగులుతుంది, వంకర అటు ఉంటే శుభ్రం కాదు. జాబ్ కార్డు మీద ఒక లైను రాయండి: మొదటి ఫేసింగ్ తర్వాత పొడవు 87 కంటే తగ్గకూడదు. 86 అని ఒక్క కొలతే ఇచ్చి వదిలేస్తే, మధ్యలో ఏం జరిగిందో మనకి తెలిసేసరికి ముక్క పోయి ఉంటుంది.

స్టాపర్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. స్టాపర్ నుంచి 88 ఎక్కడికి కొలవాలి? స్టాపర్ వైపున్న బ్లేడు పంటి అంచుకి. బ్లేడు మధ్యకి కొలిస్తే ముక్క 87.25 వస్తుంది, సగం కెర్ఫ్ పోతుంది. స్టాపర్ లేకుండా టేపు పరిచి బార్ మీద వరసగా 88, 176, 264 అని సుద్దతో గీతలు పెట్టుకుని కోసేవాళ్లు ఇంకా ఉన్నారు. అలా కోస్తే మొదటి ముక్క తప్ప ప్రతి ముక్కలోంచీ ఒక కెర్ఫ్ పోతుంది, 86.5 వస్తుంది. రెండు వైపులకీ కలిపి అర ఎం.ఎం. ఫేసింగ్. గీతలే పెట్టుకోవాలనుకుంటే 89.5 చొప్పున పెట్టుకోండి, బ్లేడు ఎప్పుడూ గీతకి ఒకే పక్క దిగాలి.

ఇప్పుడు కొసలు. మొదటి కొసకి 10 ఎందుకు? మిల్లు నుంచి, వ్యాపారి దగ్గర నుంచి వచ్చే బార్ కొస షియర్‌లో కత్తిరించి ఉంటే అది నొక్కుకుపోయి, ఒక పక్కకి వంగి ఉంటుంది. గుండ్రం పోయిన ఆ భాగమంతా కోసెయ్యాలి. సాతో కోసిన కొసైతే అయిదు కూడా చాలు. నాలుగు బార్లు కట్టగా పెట్టి కోసేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. నాలుగు కొసలూ సమంగా లేకపోతే, అన్నిటికంటే వెనక ఉన్న బార్ శుభ్రమయ్యే దాకా మిగతా మూడింటినీ కోయాల్సిందే. కోతకి ముందు కట్టను గోడకి తాటించి సమం చేస్తే ఆ మెటీరియల్ మిగులుతుంది.

తోక ముక్క 80 అన్నది మాత్రం మీ వైస్‌ను చూసి పెట్టుకోవాల్సిన అంకె. బ్లేడుకి ఎంత దూరంలో దవడ మొదలవుతుంది, దవడ ఎంత పొడవు పట్టుకుంటే బార్ కదలదు అన్నది ఒక్కో మెషీన్‌కి ఒక్కోలా ఉంటుంది. ఆటోమేటిక్ ఫీడ్ ఉన్న వాటిలో ఇంకా ఎక్కువ వదలాలి, ఎందుకంటే ఫీడ్ వైస్ కూడా బార్‌ను పట్టుకుని నెట్టాలి. పొట్టి తోకను దవడ ఒక చివరతోనే పట్టిస్తే దవడ ఏటవాలు తిరిగి పట్టు జారుతుంది. కోత మధ్యలో ముక్క తిరిగితే బ్లేడు పళ్లు రాలిపోతాయి. దీనికి ఒక ఉపాయం ఉంది. దవడ రెండో చివర అదే లావున్న బిట్టు ఒకటి పెట్టి బిగిస్తే దవడ నిటారుగా ఉంటుంది, పట్టు నిలుస్తుంది.

అయితే ఆ ఉపాయం వాడే ముందు లెక్క చూడండి. మన ఆర్డర్‌లో తోకను 80 నుంచి 60కి తగ్గిస్తే ఎంత లాభం? 5930ని 89.5తో భాగిస్తే 66.26. మళ్లీ 66 ముక్కలే. ఇరవై ఎం.ఎం. తగ్గించడానికి తంటాలు పడి సాధించింది ఏమీ లేదు. ఒక ముక్క పెరిగే దాకా తగ్గించగలిగితేనే అది పొదుపు. లేకపోతే తుక్కు డబ్బాలో పడే బిట్టు పొడవు మారుతుంది, అంతే.

తోకే ఆఖరి ముక్క అయ్యే సంగతి చెప్తానన్నాను. మన ముక్క 88, వైస్‌కి 80 చాలు. అంటే వైస్‌లో మిగిలింది 88 ఉండి, దాని వెనక కొస కూడా శుభ్రంగా ఉంటే అదీ ఒక పిన్నే. 6000 బార్‌లో 10 పోయి, 66 ముక్కలు కోతలతో కలిపి 5907 పోతే మిగిలేది 83. అయిదు ఎం.ఎం. తక్కువ! బార్ 6015 ఉంటే 98 మిగులుతుంది. అప్పుడు వెనక కొసను ముందే, లేదా బార్ తిప్పి పెట్టి, కోసుకుంటే 67వ ముక్క దొరుకుతుంది. అందుకే బార్ పొడవు కొలవకుండా లెక్క వెయ్యకండి అనేది.

ఆరు మీటర్ల బార్ అని బిల్లు మీద ఉంటుంది. టేపు పెడితే 5940 ఉంటుంది, 6030 ఉంటుంది, ఒక్కోసారి 5750 కూడా ఉంటుంది. స్టీలు తూకానికి అమ్ముతారు కాబట్టి పొడవు తగ్గినంత మాత్రాన వ్యాపారి మనల్ని మోసం చేసినట్టు కాదు, తగ్గినదానికి డబ్బు తీసుకోలేదు. కానీ మన ముక్కల లెక్క మారిపోతుంది. ఈ మూడు బార్లే వచ్చాయనుకోండి. 5940 నుంచి 65, 6030 నుంచి 66, 5750 నుంచి 63. మొత్తం 194. కాగితం మీద 198 అనుకున్నది.

నేనైతే వ్యాపారి దగ్గరికి ఒక అంకె పట్టుకుని వెళ్లమంటాను. 66 ముక్కలకి కనీసం ఎంత బార్ కావాలి? సూత్రాన్ని తిరగేస్తే సరి. 66 ఇంటూ 89.5, దానికి 90 కలిపితే 5997. కుప్పలో 5997కి పైన ఉన్న బార్లు ఏరుకోండి. 5990 బార్ తీసుకున్నారంటే 65కే డబ్బు పనికొచ్చి, మిగతా 82 ఎం.ఎం. తుక్కులోకి పోతుంది. అంతకంటే 5910 బార్ తీసుకోవడం మేలు, దానికి కూడా 65 వస్తాయి, తూకం తగ్గుతుంది. పొడుగు బారే మంచిదని లేదు. మెట్టు దాటిన బార్ మంచిది. మన ఆర్డర్‌లో మెట్టు 89.5 ఎం.ఎం.

ఇక మొదటి ప్రశ్నకి వద్దాం. ఎన్ని బార్లు తెప్పించాలి?

66.03 అన్న జవాబు చూడండి. ఆ 0.03 అంటే మొత్తం బార్‌కి మూడు ఎం.ఎం. మిగులు. 66 కోతల్లో ముక్క సగటు పొడవు 88 బదులు 88.05 అయితే ఆ మూడూ అయిపోతాయి. ఏ స్టాపరూ అంత కచ్చితంగా నిలబడదు. వైస్ 80 బదులు 77 పట్టుకుని ఆపరేటర్ ఆ 66వ ముక్క తీస్తాడేమో, తియ్యొచ్చు. కానీ కొనేటప్పుడు దాన్ని నమ్ముకోకూడదు. నా పద్ధతి ఇది. మిగులు ఒక్కో కోతకి 0.1 కంటే తక్కువ ఉంటే, అంటే 66 కోతలకి 6.6 కంటే తక్కువ ఉంటే, ఒక ముక్క తగ్గించి రాసుకుంటాను. కాబట్టి బార్‌కి 65. మూడు బార్లకి 195.

ఇంకో మూడు ముక్కలు సెట్టింగ్‌కి కలుపుతాను. టర్నర్ మొదటి పిన్ను దగ్గర కొలతలు సరిచూసుకోవాలి, ఒకటి రెండు పోవచ్చు. అంటే 203 కావాలి. తక్కువ పడింది ఎనిమిది. ఎనిమిది ముక్కలకి 8 ఇంటూ 89.5 అంటే 716, దానికి కొసల 90 కలిపితే 806. నాలుగో బార్ మొత్తం కొనక్కర్లేదు. 850 ఎం.ఎం. బిట్టు ఒకటి కోయించుకుంటే చాలు. ముందు సొంత స్టోర్‌లో వెతకండి, పాత ఆర్డర్‌లో మిగిలింది ఉండొచ్చు.

తూకంలో చూస్తే ఎంత తేడానో. రౌండ్ బార్ మీటరు బరువు తెలుసుకోవడానికి కట్టడం మేస్త్రీలు వాడే లెక్కే మనకీ పనికొస్తుంది: వ్యాసం ఇంటూ వ్యాసం బై 162. 40కి 9.88 కిలోలు వస్తుంది. ఒక బార్ 59 కిలోల పైన. నాలుగో బార్ కొంటే 59 కిలోలు, 850 బిట్టు తెచ్చుకుంటే ఎనిమిదిన్నర కిలోలు. ఈ ఆర్డర్ మళ్లీ మళ్లీ వచ్చేదైతే నాలుగో బార్ కొని ఉంచుకోవచ్చు, అది వేరే లెక్క.

*(ఒకరు: కొటేషన్ ఇచ్చేటప్పుడు మెటీరియల్ ఏ పొడవుకి లెక్క కట్టాలి సార్? 86కా, 88కా?)*

రెండూ కాదండీ. ఒక బార్‌కి ఎన్ని వస్తాయో తెలిసింది కదా, 6000ని 65తో భాగించండి. 92.3 వస్తుంది. కోత, ఫేసింగ్, రెండు కొసలు, మిగులు అన్నీ అందులో ఉన్నాయి. పిన్నుకి మెటీరియల్ 92.3 ఎం.ఎం., బరువు 912 గ్రాములు. పూర్తయిన పిన్ను పొడవుకి లెక్కిస్తే 850 గ్రాములు. 86కే ధర కట్టి కొటేషన్ ఇస్తే 200 పిన్నుల మీద 12 కిలోల పైన స్టీలు మీ జేబులోంచి పోతుంది. తుక్కు అమ్మితే కొంత తిరిగి వస్తుందంటారు. వస్తుంది, కానీ కొన్న ధరకి రాదు. సా పొడి అయితే కూలెంట్‌లో తడిసి ఇంకా తక్కువకి పోతుంది.

*(ఇంకొకరు: ఫేసింగ్ తగ్గించి 67 తెప్పించుకోలేమా? అప్పుడు మూడు బార్లలోనే అయిపోతుంది కదా.)*

వేసి చూద్దాం. 5910ని 67తో భాగిస్తే 88.2. అందులో కెర్ఫ్ 1.5 తీసేస్తే ముక్క 86.7. పక్కకి 0.35 ఫేసింగ్. ఇందాక మనం కొలిచిన వంకర 0.8. ముక్కలో చదునుగా దొరికేది 85.9, పిన్నుకి 86 కావాలి. మూడు బార్లలో 201 ముక్కలు వస్తాయి, ఒక్కటీ డ్రాయింగ్‌కి సరిపోదు. కొత్త బ్లేడు, వంకర 0.1 లోపు, స్టాపర్ గట్టిది, టర్నర్ మంచి పనితనం ఉన్నవాడు అయితే సాధ్యమే. ఒక ఎనిమిదిన్నర కిలోల బిట్టు కోసం అంత రిస్కు నేను తీసుకోను. లావు బార్, ఖరీదైన అల్లాయ్ అయితే అప్పుడు కూర్చుని ఆలోచిస్తాను.

*(ఒకరు: మిగిలిన బిట్లు అన్నీ కలిసిపోతున్నాయి సార్. ఈఎన్8 ఏదో, మామూలు ఎంఎస్ ఏదో తెలియట్లేదు. ఆ ఎనిమిది ముక్కలకి పాత బిట్లు వాడమంటే భయం.)*

భయం న్యాయమే. చూడ్డానికి రెండూ ఒకటే. గ్రైండర్ మీద పెట్టి నిప్పురవ్వలు చూస్తే అనుభవం ఉన్నవాడు కొంత చెప్పగలడు, ఈఎన్8 రవ్వలు ఎక్కువ చీలుతాయి. కానీ అది అంచనాయే. పార్టీ టెస్ట్ సర్టిఫికెట్ అడుగుతుంటే అలాంటి బిట్టు ముట్టుకోకండి. దీనికి మందు కోత మొదలుపెట్టే ముందే వెయ్యాలి. బార్ వచ్చినప్పుడు ఒక కొసకి గ్రేడును బట్టి రంగు ఉంటుంది, లేకపోతే మీరే పూయండి, హీట్ నంబరు కూడా పెయింట్‌తో అక్కడే రాయండి. సా మీద పెట్టేటప్పుడు రంగు లేని కొస బ్లేడు వైపు ఉండాలి, రంగున్న కొస వైస్ వెనక్కి ఉండాలి. అప్పుడు ఎన్ని ముక్కలు కోసినా, మధ్యలో ఆర్డర్ అయిపోయి బార్ సగంలో ఆపేసినా, ర్యాకులోకి వెళ్లే బిట్టు మీద రంగూ నంబరూ ఉంటాయి. పక్కనే దాని పొడవు సుద్దతో రాసి పెట్టండి, మళ్లీ ఎనిమిది ముక్కలు కావాల్సి వచ్చినప్పుడు 806కి పైన ఉన్నది ఏదో టేపు తీయకుండానే కనిపిస్తుంది.